ఆగ్రోబాక్టీరియంలో ఫాస్ఫేట్ సంకేతం: సహవర్ధన ఉష్ణోగ్రత ఎందుకు కీలకం?

జన్యు పరివర్తన ప్రయోగంలో ఒక్క కాలస్ కూడా పరివర్తన చెందనప్పుడు సాధారణంగా ప్లాస్మిడ్ నిర్మాణాన్ని గాని, ఎంపికకు వాడిన యాంటీబయాటిక్ మోతాదును గాని అనుమానిస్తారు. అయితే అవి రెండూ సరిగానే ఉండి, బాక్టీరియాకు మొక్క గాయపడిన సంకేతం అందకపోవడమే వైఫల్యానికి కారణం కావచ్చు. ఆ సంకేతాన్ని అందుకొని జన్యువుల వరకు చేరవేసేవి విర్-ఎ, విర్-జి అనే రెండు ప్రోటీన్లు.

గాయాన్ని గుర్తించే విధానం

కిరీట కణితి తెగులును కలిగించే ఆగ్రోబాక్టీరియం ట్యుమిఫేసియన్స్ తన టీఐ ప్లాస్మిడ్‌లోని ఒక డీఎన్‌ఏ భాగాన్ని మొక్క కణంలోకి పంపుతుంది. ఈ బదిలీకి అవసరమైన విర్ జన్యువులు నేలలో ఉన్నంతకాలం దాదాపు నిద్రాణంగా ఉంటాయి. గాయపడిన కణజాలం నుంచి ఫినోలిక్ పదార్థాలు, చక్కెరలు స్రవిస్తాయి. అక్కడి పరిసరం ఆమ్లగుణం కలిగి ఉంటుంది. ఈ మూడూ కలిసినప్పుడే విర్ జన్యువులు పూర్తిగా మేల్కొంటాయి. గాయపడిన పొగాకు కణాలు విడుదల చేసే ఫినోలిక్ సంకేతాలలో అసిటోసిరింగోన్ ముఖ్యమైనదని 1985లో స్టాకెల్ బృందం నిరూపించింది.

ఫాస్ఫేట్ చేతులు మారే క్రమం

విర్-ఎ బాక్టీరియా లోపలి పొరలో అమరి ఉండే గ్రాహక హిస్టిడిన్ కైనేజ్. రెండు విర్-ఎ అణువులు జంటగా పనిచేస్తాయి. ఫినోలిక్ పదార్థాన్ని విర్-ఎ స్వయంగా గుర్తిస్తుంది. చక్కెర సమాచారం మాత్రం సీహెచ్‌వీ-ఇ అనే మరో ప్రోటీన్ ద్వారా దానికి చేరి, ఫినోలిక్ సంకేతానికి స్పందనను పెంచుతుంది.

సంకేతం అందగానే విర్-ఎ, ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసుకొని తనలోని 474వ స్థానపు హిస్టిడిన్‌పై నిలుపుకుంటుంది. ఆ ఫాస్ఫేట్ అక్కడ స్థిరంగా ఉండదు. కణద్రవంలో ఉన్న ప్రతిస్పందన నియంత్రకమైన విర్-జిలోని 52వ స్థానపు ఆస్పార్టిక్ ఆమ్లానికి అది బదిలీ అవుతుంది. ఫాస్ఫేట్ పొందిన విర్-జి, విర్ జన్యువుల ముందు ఉన్న ప్రత్యేక క్రమాలకు అంటుకొని వాటి అనులేఖనాన్ని ప్రారంభిస్తుంది. అంటే బయటి రసాయనం కణంలోని డీఎన్‌ఏ వద్దకు వెళ్లనవసరం లేదు. దాని వార్తను ఫాస్ఫేట్ మోసుకుపోతుంది.

వేడిలో తెగే గొలుసు

సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వద్ద బిళ్ళగన్నేరులో కణితి ఆరంభం కాదని 1940వ దశకంలోనే ఆర్మిన్ బ్రౌన్ చూపాడు. దానికి ఒక ప్రధాన కారణం తరువాత తెలిసింది. ఆ వేడిలో విర్-ఎ తనపై ఫాస్ఫేట్‌ను నిలుపుకోలేదు. మొదటి మెట్టే లేనప్పుడు విర్-జికి అందేదేమీ ఉండదు. అసిటోసిరింగోన్ మోతాదు పెంచినా ఈ లోపం తీరదు.

బాక్టీరియా మాత్రం 30 డిగ్రీల వద్ద కూడా చక్కగా పెరుగుతుంది. కనుక ద్రావణం చిక్కబడినంత మాత్రాన విర్ జన్యువులు పనిచేస్తున్నాయని భావించరాదు.

లోపాన్ని కనిపెట్టడం

విర్-బి ప్రమోటర్‌కు లాక్-జెడ్ జన్యువును జోడించిన బాక్టీరియాను మూడు ఫ్లాస్కులలో పెంచాలి. మొదటిది అసిటోసిరింగోన్ లేకుండా 25 డిగ్రీల వద్ద, రెండవది అసిటోసిరింగోన్‌తో 25 డిగ్రీల వద్ద, మూడవది అదే మోతాదుతో 32 డిగ్రీల వద్ద ఉండాలి. బీటా గెలాక్టోసిడేజ్ చర్య రెండవదానిలో మాత్రమే అధికంగా ఉంటే ఉష్ణోగ్రత సంకేతాన్ని అడ్డుకున్నట్లే. రెండవదానిలో కూడా లేకపోతే మాధ్యమాన్ని పరిశీలించాలి. తటస్థ ఉదజని సూచిక గల సాధారణ ఎల్‌బీ మాధ్యమంలో అసిటోసిరింగోన్ కలిపినా ప్రేరణ సరిగా జరగదు. ఉదజని సూచిక 5.5 ప్రాంతంలో ఉండి, చక్కెర కలిసి, ఫాస్ఫేట్ తక్కువగా ఉన్న మాధ్యమం కావాలి.

విర్-ఎతో నిమిత్తం లేకుండా పనిచేసే విర్-జి ఉత్పరివర్తకం ఒకటి ఉంది. దీనిలో 54వ స్థానపు ఆస్పరజిన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారి ఉంటుంది. ఇది ఫినోలిక్ సంకేతం లేకుండానే విర్ జన్యువులను మేల్కొల్పుతుంది. అయినా అధిక ఉష్ణోగ్రత సమస్యకు ఇది సంపూర్ణ పరిష్కారం కాదు. డీఎన్‌ఏను మొక్క కణంలోకి పంపే విర్-బి యంత్రాంగం, దాని పైలస్ కూడా 28 డిగ్రీలు దాటితే సరిగా ఏర్పడవు.

ఆచరణలో

వరి ఈ బాక్టీరియాకు సహజ ఆతిథేయి కాదు. అందుచేత సంకేతాన్ని బయటి నుంచే అందించాలి. 1994లో జపాన్‌లో హియెయి బృందం వరి కాలస్‌లను 100 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్‌తో, 25 డిగ్రీల వద్ద సహవర్ధనం చేసి సమర్థమైన పరివర్తన సాధించింది. అసిటోసిరింగోన్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించి, ఆటోక్లేవ్ చేసిన మాధ్యమం చల్లారిన తరువాతే కలపాలి. పొగాకు, చిక్కుడు జాతి పంటలలో 22 డిగ్రీల ప్రాంతం మరింత అనుకూలమని తేలింది.

వేసవిలో విద్యుత్తు ఆగి ఇంక్యుబేటర్ వేడెక్కితే, ఆ రెండు మూడు రోజుల సహవర్ధనం వృథా కావచ్చు. కావున ఆ సమయంలో గరిష్ఠ ఉష్ణోగ్రతను నమోదు చేసే థర్మామీటరును పెట్రీ పళ్లేల పక్కనే ఉంచాలి. ఫలితం రానప్పుడు ప్లాస్మిడ్‌ను మార్చే ముందు ఆ అంకెను చూడాలి.