చిన్నాయన దుకాణంలో ఎర్ర గడి

శనివారం మధ్యాహ్నం మంచినూనె ప్యాకెట్లు అయిపోయాయి. మళ్లీ సరుకు వచ్చేది గురువారం పొద్దున. అంటే నాలుగున్నర రోజులు నూనె లేని కిరాణం దుకాణం. నూనె కోసం వచ్చినవాళ్లు చక్కెర, చాయ్‌పత్తి, సబ్బు కూడా పక్క దుకాణంలోనే తీసుకుంటారు. చిన్నాయన నా ముఖం చూసి ఒక్కటే మాట అన్నాడు: "నీ లెక్క ఎర్రగ అయ్యేసరికి నా గల్లా సల్లబడ్డది రా."

తప్పు నాదే. అమ్రాబాద్‌లో చిన్నాయన దుకాణానికి ఫోన్‌లో తెరుచుకునే స్టాక్ పట్టిక చేసిచ్చింది నేనే. సరుకు తగ్గగానే గడి ఎర్రగా మారుతుంది, చూసి తెచ్చుకోవడమే అని చెప్పాను. గడి ఎర్రగా మారింది కూడా. కాకపోతే పనికిరాని రోజున మారింది.

ఆ లెక్కలో రీఆర్డర్ లెవల్ అని ఒక గీత ఉంటుంది. నిల్వ ఆ గీతకు దిగితే తెప్పించాలని అర్థం. ఈ ఆలోచన పాతదే. అమెరికాలో విల్సన్ అనే ఆయన 1934లోనే స్టాక్ లెక్కను రెండు ప్రశ్నలుగా విడగొట్టి రాశాడు: ఎప్పుడు తెప్పించాలి, ఎంత తెప్పించాలి. మా చిన్నమ్మకు ఆయన పేరు తెలియదు కానీ పద్ధతి తెలుసు. చివరి ఉప్పు సంచిని వెనకకు జరిపి పెడుతుంది. దాని మూతి విప్పాల్సి వచ్చిన రోజే చిట్టీలో ఉప్పు రాస్తుంది. ఆ సంచే ఆమె గీత.

నేను గీసిన గీత ఇలా ఉంది. నూనె రోజుకు సగటున 4 ప్యాకెట్లు పోతుంది. అచ్చంపేటలో హోల్‌సేల్ దుకాణంలో చెబితే మర్నాడు ట్రాలీ ఆటోలో వస్తుంది, అంటే ఒక్క రోజు. ఒక రోజుకు 4, పైన అదనంగా 2, మొత్తం 6. పుస్తకంలో చదివిన సూత్రం ప్రకారం ఇందులో తప్పేమీ కనబడలేదు.

కానీ చిన్నాయన అచ్చంపేట పోయేది బుధవారం మాత్రమే. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర మళ్లి లోపలికి రావాల్సిన ఊరు మాది. ఒక్క నూనె పెట్టె కోసం ప్రత్యేకంగా బండి కట్టుకుంటే ఆ పెట్టె మీద వచ్చే లాభం కిరాయికే పోతుంది. మంగళవారం రాత్రి లెక్క పెడితే 14 ప్యాకెట్లు ఉన్నాయి. గీత 6 దగ్గర ఉంది కాబట్టి గడి తెల్లగానే ఉంది. బుధవారం ఆయన నూనె తేలేదు. ఆ రోజు ముగిసేసరికి 10, గురువారం 6. అప్పుడు గడి ఎర్రగా మారింది. శుక్రవారానికి 2, శనివారం మధ్యాహ్నానికి సున్నా.

లెక్కలోకి రావాల్సింది సరుకు వచ్చే ఒక్క రోజు కాదు. ఈ బుధవారం తేకపోతే మళ్లీ తెచ్చే అవకాశం దాకా గడవాల్సిన రోజులన్నీ రావాలి. వారానికి 7, సరుకు చేరడానికి 1, మొత్తం 8 రోజులు. ఎనిమిది నాళ్లకు 32 ప్యాకెట్లు. అమ్మకం ఎక్కువున్న వారాల్లో రోజుకు 6 దాకా పోతాయి. ఆ రెండేసి తేడాకు 8 రోజులకు 16 అదనంగా ఉంచాలి. అసలు గీత 48. నేను గీసింది 6!

సరిచేసిన పట్టికలో A నుంచి H దాకా గడులు ఇవి: సరుకు, కొలత, చేతిలో ఉన్నది, రోజుకు అమ్మకం, రోజులు, అదనం, గీత, దారిలో ఉన్నది. గీత ఉండే G గడిలో:

```
=D2*E2+F2
```

చివరి I గడిలో:

```
=IF(C2+H2<=G2,"తేవాలి","")
```

దారిలో ఉన్నది ఎందుకంటే, బుధవారం చెప్పిన సరుకు ఇంకా దిగకముందే చిన్నమ్మ పట్టిక తెరిస్తే గడి ఎర్రగానే కనబడుతుంది. ఆమె ఫోన్ చేసి ఇంకోసారి చెబుతుంది. రెండు సార్లు సరుకు దిగుతుంది. చెప్పింది H లో రాయాలి, దిగాక H నుంచి తీసి C లో కలపాలి.

ఎంత తేవాలన్న రెండో ప్రశ్నకు వారానికోసారి తెచ్చే దుకాణంలో జవాబు సులువే. కనీసం గీత దాకా నింపాలి. 48లోంచి 14 తీస్తే 34. పెట్టెకు 12 ప్యాకెట్లు కాబట్టి 3 పెట్టెలు.

కొలత గడి పెట్టడానికి కారణం చక్కెర. హోల్‌సేల్‌లో 50 కిలోల సంచుల్లో వస్తుంది, దుకాణంలో కిలోల్లో పోతుంది. చిన్నాయన రెండు సంచులున్నాయని 2 అని రాశాడు. గీత కిలోల్లో ఉంది. వంద కిలోలు ఇంట్లో ఉంచుకుని గడి ఎర్రగా మెరిసింది. అప్పటినుంచి ఏ కొలతలో అమ్ముతామో ఆ కొలతలోనే రాస్తున్నాం.

అన్నిటికంటే మోసపుచ్చేది రోజుకు అమ్మకం గడి. కిరాణంలో ప్రతి అమ్మకానికీ బిల్లు ఉండదు. అందుకే వారానికోసారి ఎంచుతాం: పోయిన వారం ఉన్నది, మధ్యలో వచ్చింది కలిపి, ఇప్పుడున్నది తీసేస్తే అమ్మింది వస్తుంది. నూనె అయిపోయిన వారం అలా లెక్కేస్తే 14 వచ్చింది. ఏడుతో భాగిస్తే రోజుకు 2. దాన్ని అలాగే పట్టికలో వేస్తే గీత కిందికి దిగుతుంది, వచ్చే వారం ఇంకా తక్కువ తెస్తాం, ఇంకా ముందే అయిపోతుంది. లేని సరుకును ఎవరూ కొనలేదు కాబట్టి గిరాకీ లేదని పట్టిక అనుకుంటుంది. నిజానికి ఆ 14 పోయింది మూడున్నర రోజుల్లో. 14ను 3.5తో భాగిస్తే మళ్లీ 4. అందుకే సరుకు అయిపోయిన రోజు, పూట గోడ మీది క్యాలెండర్లో రాయమన్నాను. సరుకు ఉన్న రోజులతోనే భాగించాలి.

సగటు చెప్పలేనివీ ఉన్నాయి. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. ఆ రోజుల్లో కొబ్బరికాయలు, అగర్‌బత్తీలు, నీళ్ల బాటిళ్లు పోయే తీరు మామూలు వారాల లెక్కకు అందదు. రెండు వారాల ముందే పోయిన ఏడాది నోట్‌బుక్ చూసి ఆ సరుకుల అమ్మకం చేత్తో మార్చాలి, జాతర కాగానే పాత అంకె మళ్లీ పెట్టాలి. ఇది మరిచిపోతే కొబ్బరికాయలు కుళ్లేదాకా గడి ఎర్రగానే ఉంటుంది.

గీతలు పెంచాక ఇంకో చిక్కు వచ్చింది. మొదటి బుధవారమే గడుల్లో సగం ఎర్రబడ్డాయి. "ఇన్ని తేవాల్నంటే పైసలేడున్నయ్ రా? ఊర్ల ఉద్దెర నీ పట్టికల ఉన్నదా?" అన్నాడు చిన్నాయన. లేదు. ఉద్దెర పోయినా సరుకు తగ్గుతుంది, డబ్బు మాత్రం గల్లాలోకి రాదు. దానికి J గడి పెట్టాను, ఉన్నది ఎన్ని రోజులు వస్తుందో చెప్పేది:

```
=(C2+H2)/D2
```

దీన్ని చిన్న అంకె నుంచి పెద్దకు వరసపెడితే ముందు అయిపోయేవి పైకి వస్తాయి. 8 కంటే తక్కువ ఉన్నవి వచ్చే సరుకు దాకా ఆగవు. వాటిలోనూ నూనె, చక్కెర, ఉప్పు, చాయ్‌పత్తి ముందు. షాంపూ ప్యాకెట్లు లేకపోతే మనిషి ఇంకోటి తీసుకుంటాడు, నూనె లేకపోతే దుకాణమే మారుస్తాడు. ఆ తేడా ఏ గడిలోనూ లేదు, చిన్నాయనకే తెలుసు.

ఇప్పుడు మంగళవారం రాత్రి చిన్నమ్మ ఎంచుతుంది, చిన్నాయన ఫోన్‌లో కొడతాడు. తొందరగా తరిగే నలభై రకాలే పట్టికలో పెట్టాం, మిగతావి కంటిచూపుతోనే. ఉప్పు సంచి మాత్రం ఇప్పటికీ వెనకకు జరిపే ఉంటుంది. పట్టికలో ఉంది కదా చిన్నమ్మా అంటే, "ఫోన్ల చార్జింగ్ అయిపోతది బిడ్డా, సంచికి అయిపోదు" అంది.