కొలెస్ట్రాల్ మాత్ర మర్చిపోతే ఏం చేయాలి? ఫార్మసిస్ట్ సూచనలు

“రాత్రి అబ్బాజాన్ కొలెస్ట్రాల్ గోలీ వేసుకోలేదు, ఇప్పుడు రెండు వేయమంటారా?” మందుల షాపులో మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు: రెండు ఎప్పుడూ వేయకూడదు.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి మందులను స్టాటిన్లు అంటారు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని ఇవి తగ్గిస్తాయి. వాటి ప్రభావం రోజుల తరబడి కొనసాగుతుంది కాబట్టి ఒక్కరోజు తప్పితే కొలెస్ట్రాల్ వెంటనే పెరిగిపోదు. రెండు మాత్రలు ఒకేసారి వేసుకుంటే అదనపు లాభం ఉండదు. పైగా కండరాల నొప్పి లాంటి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది.

మరి మర్చిపోతే? పన్నెండు గంటల లెక్క గుర్తుంచుకోండి. అబ్బాజాన్ రోజూ రాత్రి 9 గంటలకు అటోర్వాస్టాటిన్ వేసుకుంటారనుకుందాం. నిన్న మర్చిపోయి ఈరోజు ఉదయం 7 గంటలకు గుర్తొచ్చింది. పది గంటలే ఆలస్యమైంది కాబట్టి అప్పుడే ఒక మాత్ర వేసుకుని, రాత్రి మామూలుగా 9 గంటలకే తర్వాతిది వేసుకోవచ్చు. అదే మధ్యాహ్నం 12 గంటలకు గుర్తొస్తే పదిహేను గంటలు దాటినట్టే. ఆ మాత్ర వదిలేసి, రాత్రి ఒక్కటే వేసుకోవాలి. వేసుకున్నారో లేదో గుర్తులేకపోతే కూడా ఆ పూటకు వదిలేయడమే మంచిది. రోజు పేరు స్ట్రిప్ మీద పెన్నుతో రాసుకుంటే ఈ అనుమానం రాదు.

వరుసగా చాలా రోజులు ఆగిపోతే డాక్టరుకు చెప్పండి. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు సొంతంగా మానేయకూడదు.

ఏ టైములో వేసుకోవాలి? అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ శరీరంలో ఎక్కువసేపు ఉంటాయి. పొద్దునైనా రాత్రైనా, రోజూ ఒకే టైముకు వేసుకుంటే చాలు. సింవాస్టాటిన్ త్వరగా తగ్గిపోతుంది, కాలేయం కొలెస్ట్రాల్‌ను రాత్రిపూట ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే దాన్ని రాత్రి వేసుకోమంటారు. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు రోజుకొక్క స్టాటిన్ మాత్రను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. షుగరు, బీపీ మందుల టైము మాత్రం డాక్టరును అడిగే మార్చాలి. రోసువాస్టాటిన్ వేసుకునేవాళ్లు ఎసిడిటీ సిరప్ తాగాలంటే, మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగాలి.

ఇక మాత్రలు ఎక్కడ పెట్టాలి? పొయ్యి పక్కన, బాత్రూంలో, ఎండలో ఆపిన కారులో పెట్టకండి. వేడి, తేమ తగిలితే మందు పాడవుతుంది. ఫ్రిజ్ అవసరం లేదు. పడకగది అలమారాలో పిల్లలకు అందని చోట పెడితే చాలు. మాత్రలను ముందుగానే స్ట్రిప్ నుంచి ఊడదీసి డబ్బాలో పోయకండి. స్ట్రిప్ కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచండి. మాత్ర రంగు మారినా, పొడి రాలినా వాడకండి.

కారణం లేకుండా కండరాలు నొప్పి పెట్టినా, బలహీనపడినా, మూత్రం ముదురు టీ రంగులో వచ్చినా, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.