అప్పు చౌకే, మరి మిల్లు విలువ పెరగదేం?

ఒక రైసు మిల్లు ఉందనుకోండి. విలువ కోటి రూపాయలు. ఏటా సగటున 12 లక్షల ఆదాయం. అంతా సొంత డబ్బే అయితే యజమానికి దక్కేది 12 శాతం. బ్యాంకు అప్పు 8 శాతానికే దొరుకుతోంది కదా, సగం అప్పు పెడితే ఖర్చు తగ్గి మిల్లు విలువ పెరగదా?

పన్నులు లేని చోట పెరగదని 1958లో మోడిగ్లియాని, మిల్లర్ నిరూపించారు. 50 లక్షల అప్పుకు వడ్డీ 4 లక్షలు పోతే, మిగిలిన 8 లక్షలు 50 లక్షల సొంత డబ్బు మీద 16 శాతం. అప్పు 25 లక్షలే అయితే 13.3 శాతం, 75 లక్షలైతే 24 శాతం.

ఇది లాభంలా కనిపిస్తుంది గానీ, నిజానికి భయానికి కట్టిన ధర. పంట దెబ్బతిని ఆదాయం 6 లక్షలకు పడిపోయిందనుకుందాం. అప్పు లేని యజమానికి 6 శాతం వస్తుంది. సగం అప్పున్నవాడికి వడ్డీ పోగా 2 లక్షలు, అంటే 4 శాతమే. 75 లక్షల అప్పున్నవాడికి పైసా మిగలదు. అందుకే వాటాదారు ముందే ఎక్కువ రాబడి అడుగుతాడు. సగం డబ్బుకు 8, సగానికి 16. సగటు మళ్లీ పన్నెండే!

అప్పు ముప్పావు వంతుకు చేరాక ఏ బ్యాంకూ 8 శాతానికే ఇవ్వదు. వడ్డీ పెరిగితే ఆ 24 కొంత తగ్గుతుంది, ఎందుకంటే నష్టభయంలో కొంత బ్యాంకు తలకెత్తుకుంటుంది. సగటు మాత్రం కదలదు.