బుగ్గల మీద తెల్ల మచ్చలు పురుగుల వల్లేనా?

అపోహ: బడికెళ్లే పిల్లల బుగ్గ మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే కడుపులో పురుగులున్నట్టే. లేదంటే కాల్షియం తక్కువైనట్టు.

వాస్తవం: రెండూ కాదు. నులిపురుగుల నివారణ దినాన బడిలో ఆల్బెండజోల్ మాత్ర మింగిన పిల్లలకీ ఈ మచ్చలు వస్తూనే ఉంటాయి. ఆ మాత్ర పురుగుల కోసం వేయాల్సిందే, మచ్చ కోసం మాత్రం కాదు.

ఈ మచ్చల పేరు పిటిరియాసిస్ ఆల్బా. పొడి చర్మం మీద వచ్చే తేలికపాటి ఎగ్జిమా ఇది. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువ. మొదట బుగ్గ మీద కాస్త ఎర్రగా, గరుకుగా ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ దశను ఎవరూ గమనించరు. అది తగ్గుతూ ఉండగా అక్కడి చర్మంలో రంగు తగ్గిపోతుంది, పైన సన్నని పొట్టు మిగులుతుంది. తర్వాత పిల్లలు ఎండలో ఆడితే చుట్టూ చర్మం నల్లబడుతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చిందని మనం అప్పుడు కంగారుపడతాం. ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి బడి మాన్పించాల్సిన పనిలేదు.

అపోహ: ఇది బొల్లికి మొదలు.

వాస్తవం: బొల్లి మచ్చ సున్నంలా తెల్లగా ఉంటుంది, అంచు స్పష్టంగా తెలుస్తుంది, పొట్టు రాలదు. పిటిరియాసిస్ ఆల్బాలో రంగు పూర్తిగా పోదు, అంచు చుట్టూ చర్మంలో కలిసిపోతుంది. ఇది బొల్లిగా మారదు.

అపోహ: మందుల షాపులో ఇచ్చే క్రీము రాస్తే మచ్చ పోతుంది.

వాస్తవం: అసలు హాని జరిగేది ఇక్కడే. ఎనిమిదేళ్ల పాపకు ఇలాంటి మచ్చలు వచ్చాయనుకోండి. షాపులో ఇచ్చిన ట్యూబులో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. వారంలో బుగ్గ నునుపవుతుంది, అమ్మ రాస్తూనే ఉంటుంది. కొన్ని నెలలకు చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి, క్రీము ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది. పైగా బలమైన స్టెరాయిడే చర్మం రంగును తగ్గించగలదు.

ఆ పాపకు నిజంగా కావలసింది ఘాటులేని సబ్బు, స్నానం కాగానే తడి ఆరకముందే ఒకసారి, రాత్రి ఒకసారి మాయిశ్చరైజర్ లేదా వాజలిన్, ఎండలో సన్‌స్క్రీన్. దురద ఉంటే డాక్టరు కొద్దిరోజులకు తేలికపాటి స్టెరాయిడ్ రాసిస్తారు. పొట్టు త్వరగానే తగ్గుతుంది. రంగు తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. ఏమీ రాయకపోయినా చివరికి పోతుంది.

డాక్టరుకు చూపించాల్సిన మచ్చలు వేరే ఉన్నాయి. సున్నంలా తెల్లబడినవి, వేగంగా పెరిగేవి, నెలలు గడిచినా మారని ఒంటరి మచ్చ, స్పర్శ తగ్గినది. కుష్టు వ్యాధిలో కూడా పాలిపోయిన మచ్చలే వస్తాయి, ముఖం మీద తొలిదశలో స్పర్శ మామూలుగానే ఉండొచ్చు. అందుకే ఇంట్లో ముట్టుకుని చూసి, స్పర్శ ఉంది కదా అని వదిలేయకూడదు.