చేపల పులుసు తప్పా, కాదా? అజీర్తికి ఫుడ్ డైరీ రాసి చూద్దాం

మన ఆకివీడు వైపు ఎవరికైనా కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు వచ్చాయంటే ఇంట్లో ముందు తిట్లు తినేది చేపల పులుసే. "రాత్రి పులుసు రెండుసార్లు వేసుకున్నావు కదరా, అదే" అంటారు. కావచ్చు. కానీ కొల్లేరు పక్కన ఉన్నోళ్ళం, పులుసు లేని రోజులు మనకి ఎన్ని ఉంటాయి? దాదాపు రోజూ తినేదాన్ని ఏ రోజు మంటకైనా కారణంగా చూపించేయొచ్చు. అజీర్తి మాటిమాటికీ వస్తుంటే ఫుడ్ డైరీ రాయమనేది అందుకే.

చాలామంది బాలేని రోజు మాత్రమే రాస్తారు. అలా రాస్తే పనికిరాదండి. సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ వచ్చిన లాగ్ ఒక్కటే చూస్తే ఏం తెలీదు, బాగా నడిచిన లాగ్ పక్కన పెట్టి చూస్తేనే తేడా కనబడుతుంది. ఇదీ అంతే. కనీసం రెండు వారాలు, బాగున్న రోజు కూడా రాయాలి.

నా ఫ్రెండ్ ఒకడు రొయ్యల చెరువు చూసుకుంటాడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రిళ్ళు ఏరేటర్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండాలి. వాడి డైరీలో ఒక రోజు ఇలా ఉంది: "రాత్రి 10:40. అన్నం రెండుసార్లు, చేపల పులుసు, పెరుగు. 11:10కి పడుకున్నా. 12:30కి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, పదికి ఆరు. గంటన్నర ఉంది." అంతే, ఒక నిమిషం పని. ఏం తిన్నాడో ఒక్కటే కాదు, ఎంత తిన్నాడు, ఎన్నింటికి తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు, ఎంతసేపటికి మొదలైంది, ఎంత తీవ్రంగా ఉంది, అన్నీ ఉన్నాయి చూశారా. టీ, కాఫీ, మందు, సిగరెట్, వేసుకున్న టాబ్లెట్లు కూడా రాయాలి. ప్లేటు ఫోటో తీస్తే టైమ్ దానంతటదే పడుతుంది, మంచిదే. కానీ రెండోసారి వడ్డించుకున్న అన్నం ఫోటోలో ఉండదు, అది చేత్తో రాసుకోవాల్సిందే. ఇంకోటి, తిన్న వెంటనే రాయండి. మంట వచ్చాక గుర్తు చేసుకుంటే మన అనుమానం ఏదో అదే ముందు గుర్తొస్తుంది.

14 రోజుల్లో వాడికి 6 రాత్రులు మంట వచ్చింది. ఆ 6లో 4 రాత్రులు పులుసు తిన్నాడు. "చూశావా, పులుసే" అన్నాడు. అప్పుడు బాగున్న 8 రాత్రులు కూడా తీశాం. వాటిలో 6 రాత్రులు పులుసే! అంటే పులుసు తిన్న 10 రాత్రుల్లో 4 సార్లు మంట, తినని 4 రాత్రుల్లో 2 సార్లు మంట. పులుసు మానేస్తే తగ్గుతుందని ఇందులో ఎక్కడా లేదు.

తర్వాత పడుకున్న టైమ్ చూశాం. తిన్న గంటలోపే నడుం వాల్చిన రాత్రులు 6, వాటిలో 5 సార్లు మంట. మిగతా 8 రాత్రుల్లో ఒక్కసారే. పొట్ట నిండుగా ఉండగా పడుకుంటే యాసిడ్ పైకి తన్నడం తేలిక, అందుకే తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలంటారు. ఆ మిగిలిన ఒక్క రాత్రి? ఆ రోజు పంటి నొప్పికి పెయిన్ కిల్లర్ వేసుకున్నాడు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో మంట తెస్తాయి. టాబ్లెట్లు రాయకపోయుంటే ఆ రాత్రి కూడా పులుసు ఖాతాలోనే పడేది.

ఇక్కడితో అయిపోలేదు. 14 రోజులు చిన్న లెక్క, యాదృచ్ఛికంగా కూడా కలవొచ్చు. అందుకే పరీక్ష చేయాలి, అదీ ఒకసారికి ఒక్క మార్పే. వాడు పులుసు అలాగే ఉంచి, భోజనం 8 గంటలకి మార్చాడు, 11కి పడుకున్నాడు. రెండు వారాల్లో మంట ఒక్క రాత్రే. తర్వాత కావాలనే మూడు రాత్రులు పాత టైమ్‌కి తిన్నాడు, రెండు రాత్రులు మళ్ళీ వచ్చింది. మానేస్తే తగ్గి, మళ్ళీ మొదలుపెడితే తిరిగొస్తే అనుమానం గట్టిపడినట్టు. కారం, నూనె, పాలు, గోంగూర అన్నీ ఒకేసారి మానేస్తే తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలీదు, పైగా తిండే తగ్గిపోతుంది.

మీ డైరీలో ఇదే రావాలని లేదండి. కొందరికి వేపుళ్ళు, ఎందుకంటే కొవ్వు ఎక్కువైతే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. కొందరికి పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో ఉబ్బరం. కొందరికి ఏ తిండితోనూ సంబంధం కనబడదు, అప్పుడు వెతుకుతూ కూర్చోకుండా డాక్టర్‌ని కలవాలి. పొట్టలో పుండునో, హెచ్. పైలోరీ బ్యాక్టీరియానో డైరీ పట్టుకోలేదు.

కొన్నిటికైతే డైరీ మొదలుపెట్టనే వద్దు. నల్లటి తారులాంటి విరేచనం, వాంతిలో రక్తం, మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీ నొక్కేసినట్టుండి, చెయ్యికో దవడకో పాకి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగొద్దు, 108కి ఫోన్ చేయండి. మామూలు అజీర్తికి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ రెండు వారాల పేజీలు ఫోన్‌లో తెరిచి చూపించండి, ముఖ్యంగా టాబ్లెట్ల పేర్లు.