పది అడుగుల గదిలో బేస్

చిన్న గదిలో మోగే బేస్ గదంతా ఒకే తీరుగా పరచుకోదు. పాట అదే, వాల్యూమ్ అదే. అయినా గోడకు వీపు ఆనించి కూర్చున్నవారికి బేస్ గిటార్ గదిని కుదిపేస్తున్నట్టు ఉంటుంది, గది నడుమ కుర్చీ వేసుకున్నవారికి అందులో కొన్ని స్వరాలు దాదాపు వినిపించవు. స్పీకర్లు మార్చినా ఈ తేడా పోదు. దీనికి మూలం ఎదురెదురు గోడల మధ్య ఉన్న దూరం.

ఫ్లాట్లలో సాధారణంగా కనిపించే ఒక పడకగదిని తీసుకుందాం: పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1130 అడుగులు ప్రయాణిస్తుంది. కాబట్టి 47 హెర్ట్జ్ ధ్వనికి ఒక్కో తరంగం పొడవు 24 అడుగులు, అంటే గది పొడవుకు సరిగ్గా రెట్టింపు. ఈ తరంగం ఒక గోడను తాకి, వెనుదిరిగి, రెండో గోడను తాకి మొదటి చోటికి వచ్చేసరికి 24 అడుగులు నడుస్తుంది. అదే సమయానికి స్పీకర్ నుంచి తర్వాతి తరంగం బయలుదేరుతుంది. రెండూ కలిసిపోతాయి. ప్రతి విడతా ఇలాగే జరగడంతో ఆ ఒక్క స్వరం బలం గదిలో పేరుకుపోతుంది. ఎదురెదురుగా నడిచే ఈ రెండు తరంగాల కలయికనే భౌతికశాస్త్రంలో స్థిర తరంగం అంటారు. అది ముందుకు సాగుతున్నట్టు కనిపించదు, ఉన్నచోటే ఎగసి తగ్గుతూ ఉంటుంది.

నీళ్ల తొట్టిని అటూ ఇటూ ఊపితే అంచుల దగ్గర నీటిమట్టం పైకీ కిందికీ లేస్తుంది, సరిగ్గా నడుమ మాత్రం మట్టం మారదు, అక్కడ నీరు పక్కలకు కదులుతుందంతే. గదిలో గాలి పీడనమూ అంతే. 47 హెర్ట్జ్ దగ్గర రెండు గోడల వద్దా పీడనం అత్యధికంగా ఊగుతుంది, ఆరో అడుగు దగ్గర దాదాపు ఊగదు. చెవి గ్రహించేది పీడనంలోని మార్పునే కనుక అక్కడ కూర్చున్నవారికి ఆ స్వరం పడిపోయినట్టు అనిపిస్తుంది.

ఈ లెక్కకు సూత్రం చిన్నది:

f = n × c / (2 × L)

ఇందులో c ధ్వని వేగం, L గోడల మధ్య దూరం, n అంటే 1, 2, 3 వంటి పూర్ణసంఖ్య. 12 అడుగుల దూరానికి 47, 94, 141 హెర్ట్జ్ వస్తాయి. 10 అడుగుల దూరానికి 56, 113, 170 వస్తాయి. ఈ గదిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. వెడల్పూ ఎత్తూ సమానం కావడంతో పక్కగోడల మధ్య పుట్టే 56 హెర్ట్జ్, నేలకూ పైకప్పుకూ మధ్య పుట్టే 56 హెర్ట్జ్ ఒకదానిపై ఒకటి పడతాయి. బేస్ గిటార్‌లో ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ తీగ మీటిన ప్రతిసారీ పక్క స్వరాలకు లేని గుమ్మనే మోత ఇందుకే వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గది మరీ కష్టం.

పెద్ద హాలులోనూ స్థిర తరంగాలు ఉంటాయి. అయితే అక్కడ అవి చాలా కింది స్థాయి నుంచే మొదలై, ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉండటంతో ఏదీ విడిగా చెవికి తగలదు. జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఈ రెండు స్థితుల మధ్య సరిహద్దును లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం మన గదిలో, ప్రతిధ్వని అర సెకను ఉంటుందనుకుంటే, సుమారు 240 హెర్ట్జ్ కన్నా దిగువనున్న ధ్వనులపై ఈ విడివిడి స్థిర తరంగాల పెత్తనమే నడుస్తుంది. దానికి తోడు మన ఇళ్ల ఇటుక, కాంక్రీటు గోడలు బేస్‌ను బయటికి పోనివ్వవు. అమెరికా ఇళ్లలోని పలుచటి జిప్సమ్ బోర్డు గోడలు కాస్త కంపించి కొంత బేస్‌ను మింగేస్తాయి, బయటికీ వదిలేస్తాయి. అందువల్ల అక్కడివారి అనుభవం ఇక్కడి గదికి అచ్చంగా వర్తించదు.

ఈక్వలైజర్‌తో సరిచేద్దామనుకోవడం సహజమే. ఉబ్బిన స్వరాన్ని ఒక కుర్చీ వరకు దానితో తగ్గించవచ్చు. పడిపోయిన స్వరాన్ని మాత్రం లేపలేం. వాల్యూమ్ పెంచితే నేరుగా వచ్చే తరంగమూ, గోడకు తగిలి వచ్చే తరంగమూ సమానంగా పెరిగి, పెరిగినంతా మళ్లీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్పీకర్‌కు శ్రమ పెరగడం తప్ప ఫలితం ఉండదు.

అందుకే మందు వేయాల్సింది తిరిగొచ్చే తరంగానికి. గట్టి గోడ తనను తాకిన తరంగంలో 97 శాతం ఎత్తును వెనక్కి పంపుతుందనుకుందాం. రెండూ కలిసిన చోట ఎత్తు 197, కొట్టేసుకున్న చోట 3. ఈ తేడా 36 డెసిబెళ్లు. గోడ దగ్గర ఏదైనా శోషకం ఉండి 70 శాతమే తిరిగొస్తే కలిసిన చోట 170, కొట్టేసుకున్న చోట 30 అవుతాయి. తేడా 15 డెసిబెళ్లకు దిగుతుంది. శిఖరం కొద్దిగానే తగ్గింది, గుంట మాత్రం పది రెట్లు పూడింది. బేస్ ట్రాప్ చేసే మేలు ఇదే. స్వరం ఆగిన తర్వాత కూడా గదిలో సాగే మోత త్వరగా అణగిపోతుంది కాబట్టి డ్రమ్ దెబ్బలు విడివిడిగా వినిపిస్తాయి.

ఎక్కువగా వాడే ట్రాపులు గ్లాస్ ఊల్ లేదా రాక్ ఊల్‌తో చేస్తారు. నారల మధ్య గాలి రాసుకుంటూ కదిలినప్పుడు ధ్వనిశక్తి వేడిగా మారుతుంది. గాలి కదిలితేనే ఆ రాపిడి పుడుతుంది. గోడను ఆనుకుని పీడనం ఎంత ఊగినా గాలి ముందుకూ వెనక్కీ కదలలేదు. ఆ కదలిక అత్యధికంగా ఉండేది గోడ నుంచి తరంగం పొడవులో నాలుగో వంతు దూరాన. 47 హెర్ట్జ్‌కు అది ఆరు అడుగులు! గోడకు అతికించిన రెండంగుళాల ఫోమ్, కోడిగుడ్ల అట్టలు, థర్మకోల్ బేస్‌ను తాకనైనా తాకకపోవడానికి కారణం ఇదే. అవి పైస్వరాలను మాత్రం కొంత తగ్గించి గదిని మరింత గుంభనంగా మారుస్తాయి.

అందుకే రెండడుగుల వెడల్పున్న, కనీసం నాలుగంగుళాల మందమున్న పలకను మూలకు అడ్డంగా నిలబెడతారు. పలక నడిమికీ మూలకూ మధ్య అడుగు దాకా ఖాళీ మిగులుతుంది. మూల రెండు గోడల స్థిర తరంగాలకూ ఉమ్మడి చివర కాబట్టి ఒకే పలక పొడవు, వెడల్పు రెండింటి మీదా పనిచేస్తుంది. నేల నుంచి పైకప్పు దాకా నాలుగు మూలలూ కప్పితే ఫలితం తెలుస్తుంది, ఒక మూలలో ఒక్క దిమ్మె పెడితే తెలియదు. ఇంత చేసినా వంద హెర్ట్జ్ పరిసరాల్లో బాగా పనిచేసే ఊల్, యాభై దగ్గరికి వచ్చేసరికి బలహీనపడుతుంది.

అక్కడ పొర ట్రాప్ కావాలి. గాలి చొరని పెట్టెకు ముందు భాగంలో పలుచటి ప్లైవుడ్ బిగిస్తారు. గోడ దగ్గరి పీడనం దాన్ని కంపింపజేస్తుంది, లోపలి ఊల్ ఆ కంపాన్ని అణచివేస్తుంది. చదరపు మీటరుకు సుమారు ఏడు కిలోలు తూగే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వెనుక 16 సెంటీమీటర్ల గాలి ఉంటే లెక్క ప్రకారం అది 56 హెర్ట్జ్‌కు కుదురుతుంది. చెక్క బిరుసును బట్టి అసలు విలువ అటూ ఇటూ జరుగుతుంది కనుక కట్టాక పరీక్షించక తప్పదు. పైగా ఇది ఆ ఒక్క స్వరం చుట్టుపక్కలే పనిచేస్తుంది.

ట్రాపులు కొనేముందు కుర్చీని జరిపి చూడటం మంచిది, దానికి ఖర్చు లేదు. ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం, అంటే మన గదిలో నాలుగున్నర అడుగుల ప్రాంతం, మొదటి మూడు స్థిర తరంగాల్లో దేనికీ గుంట కాదు. ఇది వెతుకులాట మొదలుపెట్టే చోటు మాత్రమే.

సమస్య ఎక్కడుందో తెలుసుకోవాలంటే పెద్ద స్పీకర్‌లో 47 హెర్ట్జ్ స్వరాన్ని తక్కువ వాల్యూమ్‌లో మోగిస్తూ గది పొడవునా నెమ్మదిగా నడిస్తే చాలు, నడుమ అది ఎలా సన్నగిల్లుతుందో చెవికే తెలుస్తుంది. కచ్చితమైన కొలత కావాలంటే కొలతల మైక్, REW వంటి సాఫ్ట్‌వేర్ వాడాలి. తక్కువ స్వరాల దగ్గర ఫోన్ మైక్‌ను నమ్మలేం. ట్రాపులు పెట్టకముందూ పెట్టాకా మైక్‌ను వినేవారి చెవి ఉండే చోటే, అదే ఎత్తులో ఉంచి కొలవాలి. ఆ గ్రాఫులో శిఖరాల ఎత్తుతో పాటు 56 హెర్ట్జ్ దగ్గర మోత అణగడానికి పట్టిన సమయాన్నీ పోల్చాలి. అది తగ్గకపోతే ట్రాప్ ఆ స్వరానికి కుదరనట్టే.