నల్లటి డై మీద రాగి మెరుపు

పెట్టె డైని నెలనెలా వేర్ల నుంచి చివర్ల దాకా పూస్తే జుట్టు సవరంలా ఒకే ముద్దగా కనిపిస్తుంది. దానిమీద గోధుమరంగు డై వేస్తే తేలికపడుతుందనుకోవడం పొరపాటు. రంగు రంగును తీయలేదు. ఆ పని బ్లీచ్‌దే.

ముందు దువ్వెనకు వచ్చిన వెంట్రుకల మీద బ్లీచ్ పరీక్షించాలి. అవి వేడెక్కితే పాత రంగులోనో, హెన్నాపొడిలోనో లోహపు లవణాలున్నట్టు! ఆ జుట్టు జోలికి వెళ్లకూడదు.

తర్వాత పాపిడి పక్కన, ముఖం చుట్టూ దారాల్లాంటి పాయలు తీసి ఫాయిల్‌లో చుడతారు. చివర్లలో డై పొరలు పేరుకుని ఉంటాయి కాబట్టి బ్లీచ్ అక్కడే ముందు పూస్తారు. నలుపు ఎర్రబడి, నారింజలోకి తిరుగుతుంది. రాగిరంగు రాగానే కడిగి, నీలిఛాయ టోనర్ వేస్తే నారింజ అణిగి కాఫీపొడి రంగు మిగులుతుంది.

తడి వెంట్రుక రబ్బరులా సాగితే ఆ రోజుకు ఆపేయాలి. ఒక్కపూటలో బంగారు రంగు మాత్రం అడగకండి.